చంటిబిడ్డకు జ్వరం, ఒంటిమీద కొత్తగా దద్దుర్లు: ఇంట్లో ఆగొచ్చా, ఆసుపత్రికి పరుగెత్తాలా?

వానలు మొదలైన తర్వాత తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పిల్లల ఓపీల్లో తరచూ వినిపించే మాట ఒకటుంది: "నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయింది సార్, నిన్న జ్వరం దిగింది, పొద్దున చూస్తే ఒళ్ళంతా ఎర్రగా పోసింది." తల్లి మొహంలో భయం, పక్కనున్న అవ్వ మొహంలో ధీమా. "అమ్మోరు పోసింది, జ్వరం పోయింది, ఇంక ఏం కాదులే" అని అవ్వ అంటుంది. చాలాసార్లు అవ్వ మాటే నిజమవుతుంది. కొన్నిసార్లు మాత్రం ఆ ధీమాతో పోయే ఒక్క రాత్రి బిడ్డ ప్రాణం మీదికి తెస్తుంది.

ఎందుకంటే జ్వరం దిగే వేళకే దద్దుర్లు కనిపించే జబ్బులు మన దగ్గర ముఖ్యంగా రెండున్నాయి. ఒకటి రోజియోలా. ఏ మందూ లేకుండానే దానంతటదే తగ్గిపోయే వైరల్ జ్వరం అది. రెండోది డెంగీ. డెంగీలో జ్వరం దిగిన రోజే అసలు ప్రమాదం మొదలవుతుంది. ఒంటిమీది రంగు చూసి ఈ రెంటినీ వేరు చేయడం అనుభవమున్న డాక్టరుకే కష్టం. బిడ్డను ఒక వరుసలో చూసుకుంటూ పోతే మాత్రం చాలావరకు తేల్చుకోవచ్చు. ఆ వరుసే ఇక్కడ చెబుతున్నాను. ముందు బిడ్డ, తర్వాత చర్మం, ఆ తర్వాత తేదీలు. ఈ క్రమం తప్పొద్దు.

మొదట బిడ్డను చూడండి, దద్దుర్లను కాదు

చొక్కా ఎత్తి వీపు చూడకముందే బిడ్డ మొహం చూడండి. మిమ్మల్ని గుర్తుపట్టి చూస్తోందా? ఎత్తుకుంటే ఊరుకుంటోందా? పాలు పట్టుకుంటోందా, నీళ్ళు గుటక వేస్తోందా? ఒళ్ళు 103 డిగ్రీలు కాలుతున్నప్పుడు ఏ బిడ్డయినా వాడిపోయే ఉంటుంది, అప్పుడు చూస్తే ఏమీ తేలదు. పారాసిటమాల్ వేసి, గంట ఆగి, వేడి కాస్త దిగాక మళ్ళీ చూడండి. మామూలు వైరల్ జ్వరంలో బిడ్డ ఆ గంటలోనే లేచి బొమ్మ పట్టుకుంటుంది, బిస్కెట్ అడుగుతుంది. వేడి దిగినా కళ్ళు తెరవకుండా భుజం మీద వాలిపోయే బిడ్డ వేరు. ఆ బిడ్డ విషయంలో ఇక దద్దుర్ల గురించి ఆలోచించే పని లేదు, ఆసుపత్రికి బయలుదేరాలి.

బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు ఊపిరికి పొట్ట ఎన్నిసార్లు పైకి లేస్తోందో గడియారం పెట్టుకుని ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు బిడ్డకు నిమిషానికి 50, ఏడాది నుంచి ఐదేళ్ళ బిడ్డకు 40, ఆ లెక్కకు చేరినా దాటినా అది వేగమైన ఊపిరే. తర్వాత పాదాలు, అరచేతులు తాకండి. జ్వరం ఎక్కుతూ వణుకు వస్తున్నప్పుడు పాదాలు చల్లబడటం మామూలే. జ్వరం లేనప్పుడు కూడా చల్లగా, చెమ్మగా, పాలిపోయి ఉంటే రక్తప్రసరణ తగ్గుతున్నట్టు. రొమ్ము ఎముక మీద బొటనవేలితో ఐదు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్ళీ రంగు తిరగాలి. మూడు, నాలుగు సెకన్లు పడుతుంటే ఆగొద్దు.

తాగలేకపోవడం, తాగిందంతా కక్కేయడం, ఫిట్స్ రావడం, లేపినా లేవకపోవడం, మెడ బిగుసుకోవడం, ఆరు గంటలుగా ఒంటికి పోయకపోవడం: వీటిలో ఏ ఒక్కటున్నా 108కి ఫోన్ చేయండి. మూడు నెలలలోపు పసికందుకు 100.4 డిగ్రీలు గానీ అంతకు మించి గానీ జ్వరం వచ్చిందంటే దద్దుర్లు ఉన్నా లేకున్నా ఆ రోజే, ఆ పూటే చూపించాలి. అంత చిన్న బిడ్డకు ఇంట్లో చేసుకునే పరీక్షలేవీ వర్తించవు.

తర్వాత గాజు గ్లాసుతో నొక్కి చూడండి

మన ఇళ్ళలో స్టీలు గ్లాసులే ఎక్కువ, దీనికి అవి పనికిరావు. అవతలి వైపు కనిపించే పలుచటి గాజు గ్లాసు కావాలి. కాఫీ పొడి సీసా అయినా సరే, లేబుల్ లేని వైపు వాడండి. ఎర్ర మచ్చ మీద గ్లాసు పక్క భాగాన్ని గట్టిగా ఆనించి నొక్కి, గాజు లోంచి చూడండి. మచ్చ మాయమై, గ్లాసు తీయగానే తిరిగి ఎర్రబడితే, చర్మంలోని సన్నటి రక్తనాళాలు ఉబ్బి ఎర్రగా కనిపిస్తున్నాయని అర్థం. వైరల్ దద్దుర్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. నొక్కినా చుక్క అలాగే కనబడుతుంటే రక్తం నాళం దాటి చర్మంలోకి చిమ్మినట్టు. ఆ చుక్కలు సూదిమొనంత చిన్నవిగా మొదలై కమిలిన మచ్చల్లా పెద్దవి కావచ్చు. జ్వరంతో ఉన్న బిడ్డకు నొక్కినా పోని చుక్కలు కనిపిస్తే, బిడ్డ ఆడుకుంటున్నా సరే, వెంటనే డాక్టరుకు చూపించాలి. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు ఇలాంటి చుక్కలు వస్తాయి. అరుదుగా వచ్చే మెనింగోకాకస్ ఇన్ఫెక్షన్‌లోనూ ఇవే వస్తాయి. అది గంటల్లో ముదిరే జబ్బు.

చామనఛాయ, నలుపు ఒంటిరంగు మీద ఎరుపు సరిగ్గా తెలియదు. ట్యూబ్‌లైటు కింద అసలు తెలియదు. పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి. రాత్రయితే ఫోన్ టార్చి పక్కనుంచి వేయండి. అరచేతులు, అరికాళ్ళు, కింది కనురెప్ప లోపలి భాగం, నోట్లో అంగిలి చూడండి. ఆ చోట్ల ఒంటిరంగు అడ్డం రాదు. ఎక్కువగా దగ్గి, వాంతులు చేసుకున్న బిడ్డకు మొహం మీద, మెడ మీద మాత్రమే కొన్ని చుక్కలు రావచ్చు, అది ఒత్తిడి వల్ల. అయినా అవి ఒత్తిడివో కావో ఇంట్లో తేల్చుకోవద్దు.

ఈ పరీక్షకు ఒక హద్దుంది, అది గట్టిగా చెప్పాలి. మచ్చ పోనప్పుడు భయపడటం సరైనదే. మచ్చ పోయిందని మాత్రం నిశ్చింతగా ఉండకూడదు. ప్రమాదకరమైన ఇన్ఫెక్షన్ మొదటి గంటల్లో దద్దురు నొక్కితే పోయేదిగానే ఉండవచ్చు. డెంగీ దద్దురు కూడా చాలామందిలో నొక్కితే పోతుంది. అందుకే బిడ్డను చూడటం మొదటి మెట్టు, గ్లాసు రెండో మెట్టు. బిడ్డ వాడిపోయి ఉంటే గ్లాసు ఇచ్చే ధైర్యానికి విలువ లేదు.

ఒక కాగితం మీద తేదీలు వేయండి

జ్వరం ఏ రోజు, ఏ పూట మొదలైంది? దద్దురు ఎప్పుడు, ఎక్కడ ముందు కనిపించింది? దద్దురు వచ్చేటప్పటికి జ్వరం ఉందా, దిగిందా? ఈ మూడు జవాబులు ఏ రక్తపరీక్ష కన్నా ముందే జబ్బును సగం పట్టిస్తాయి.

తట్టు సంగతి చూడండి. మూడు రోజులు జ్వరం, పొడి దగ్గు, ముక్కు కారడం, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారడం ఉంటాయి. నాలుగో రోజు ప్రాంతంలో చెవుల వెనక, జుట్టు మొదట్లో దద్దురు మొదలై మొహం మీదికి, అక్కడి నుంచి కిందికి పాకుతుంది. దద్దురు వచ్చినప్పుడు జ్వరం దిగదు, ఇంకా పెరుగుతుంది. తొమ్మిదో నెలలో, మళ్ళీ 16 నుంచి 24 నెలల మధ్య వేసే ఎంఆర్ టీకా పడని బిడ్డలో ఈ వరుస కనిపిస్తే అది తట్టేనని అనుమానించాలి. దాన్ని "అమ్మోరు" అని ఇంట్లో ఉంచేయకండి. తట్టులో విటమిన్ ఎ వరుసగా రెండు రోజులు ఇవ్వడం కంటిచూపునూ ప్రాణాన్నీ కాపాడుతుంది. పైగా అది ఇంట్లోని పసికందులకు తేలిగ్గా అంటుకుంటుంది. ఆసుపత్రికి వెళ్ళేముందే ఫోన్ చేసి చెబితే మిగతా పిల్లల నుంచి దూరంగా కూర్చోబెడతారు.

ఇక మనం మొదలుపెట్టిన చిక్కు. ఇలాంటి ఒక బిడ్డను వివరంగా చూద్దాం.

రేణిగుంట వైపు నుంచి 14 నెలల పాప, బరువు 9 కిలోలు, అక్టోబరు నెల. సోమవారం రాత్రి 103 జ్వరం. మంగళ, బుధ వారాల్లో మందు వేస్తే దిగడం, ఐదారు గంటలకు మళ్ళీ ఎక్కడం. దగ్గు లేదు, కళ్ళు ఎర్రబడలేదు. గురువారం సాయంత్రం జ్వరం ఒక్కసారిగా దిగిపోయింది, మళ్ళీ రాలేదు. శుక్రవారం పొద్దున స్నానానికి బట్టలు విప్పితే ఛాతీ మీద, వీపు మీద లేత గులాబీ రంగు చుక్కలు. గోకడం లేదు. వీధిలో ఇద్దరికి డెంగీ అని తల్లికి తెలుసు.

వరుసగా చూద్దాం. పాప అమ్మ చంకలో నుంచి దిగి చెప్పులు లాగుతోంది. పాలు తాగింది. పొద్దున్నుంచి రెండుసార్లు ఒంటికి పోసింది. పాదాలు వెచ్చగా ఉన్నాయి, ఊపిరి నిమిషానికి 32. గ్లాసు పెడితే చుక్కలు పోతున్నాయి. ఎంఆర్ టీకా తొమ్మిదో నెలలో పడింది. దద్దురు మొహం మీద కాకుండా ఒంటి మధ్యలో, జ్వరం పోయాక మొదలైంది. ఆరు నెలల నుంచి రెండేళ్ళ మధ్య వయసు, మూడు నుంచి ఐదు రోజుల ఎక్కువ జ్వరం, హఠాత్తుగా దిగడం, ఆ వెంటనే గులాబీ దద్దురు: ఇదంతా రోజియోలా.

అయినా ఈ పాపకు ఆ రోజే రక్తపరీక్ష చేయించమనే చెబుతాను. డెంగీ ఉన్న వీధి, డెంగీ నెల, జ్వరం దిగిన మొదటి రోజు. సీబీసీలో చాలామంది తల్లిదండ్రులు ప్లేట్‌లెట్ల అంకె ఒక్కటే చూస్తారు. దాని పక్కనే పీసీవీ అని ఉంటుంది, రక్తం ఎంత చిక్కబడిందో అది చెబుతుంది. డెంగీలో రక్తనాళాల నుంచి నీరు బయటికి కారిపోయినప్పుడు ప్లేట్‌లెట్లు పడుతూ పీసీవీ పెరుగుతుంది. ఆ రెండూ కలిసి కదలడమే హెచ్చరిక. ఈ పాపకు ప్లేట్‌లెట్లు 2.1 లక్షలు, పీసీవీ 34, తెల్లకణాలు కొంచెం తక్కువ. తెల్లకణాలు తగ్గడం రోజియోలాలోనూ ఉంటుంది, డెంగీలోనూ ఉంటుంది, దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. మర్నాడు మళ్ళీ చేస్తే అంకెలు కదల్లేదు. ఆదివారానికి ఒళ్ళు తేటపడింది.

ఇదే కథ ఇంకోలా నడవొచ్చు. నాలుగేళ్ళ బాబు, అదే నెల, ఐదో రోజు జ్వరం దిగింది. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ బాబు పడుకునే ఉన్నాడు, పొట్ట నొప్పి అంటున్నాడు, మూడుసార్లు కక్కాడు, పాదాలు చల్లగా ఉన్నాయి, మధ్యాహ్నం నుంచి ఒంటికి పోయలేదు. కాళ్ళ మీద నొక్కినా పోని చుక్కలు. ఒంట్లో జ్వరం లేదు, మనిషి మాత్రం నిన్నటికన్నా నీరసం. డెంగీ ప్రమాదదశ అచ్చం ఇలాగే ఉంటుంది. జబ్బు మొదలైన మూడు నుంచి ఏడు రోజుల మధ్య, జ్వరం దిగే సమయం చుట్టూ 24 నుంచి 48 గంటలు ఇది నడుస్తుంది. ఈ బిడ్డకు సెలైన్ లెక్కగా ఎక్కించాలి, గంటగంటకూ చూడాలి. రాత్రి రెండయినా తిరుపతి రుయా ఆసుపత్రికో, చిత్తూరు జిల్లా ఆసుపత్రికో, రాత్రంతా పిల్లల డాక్టరు ఉండే ఏ ఆసుపత్రికో తీసుకెళ్ళాలి. పొద్దున దాకా ఆగొద్దు. జ్వరం దిగాక బిడ్డ మెరుగైందా, నీరసించిందా అన్న ఒక్క ప్రశ్నే ఈ ఇద్దరినీ విడదీసింది.

బట్టలన్నీ విప్పి, దాగిన చోట్లు వెతకండి

జ్వరం ఐదు రోజులు దాటినా దిగడం లేదంటే లెక్క మారుతుంది. అప్పుడు వెతకాల్సింది దద్దురు కన్నా ఒక నల్లటి చెక్కు. పొలాల గట్లు, పొదలు, గడ్డి ఉన్న చోట్ల ఉండే కంటికి కనపడనంత చిన్న పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. మన జిల్లాల్లో వానాకాలం నుంచి చలికాలం దాకా ఇది కనబడుతూనే ఉంటుంది. కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు మధ్యలో నల్లగా, చుట్టూ ఎర్రగా ఒక మచ్చ ఉంటుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే ఎవరూ చెప్పరు. చంకలు, గజ్జలు, చెవి వెనక, మెడ ముడతలు, పిర్రల మధ్య, మగపిల్లల్లో వృషణాల చర్మం చూడండి. మొలతాడు పక్కకు జరిపి కింద చూడటం మరిచిపోవద్దు. పురుగు సాధారణంగా బట్ట బిగువుగా ఉండే చోటే ఆగుతుంది. ఆ మచ్చ దొరికితే డాక్టరుకు వేలుపెట్టి చూపించండి. అది కనిపించని పిల్లలూ ఉంటారు కాబట్టి, లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. దీనికి పనిచేసే మందులు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్. మామూలుగా జ్వరానికి రాసే చాలా యాంటీబయాటిక్‌లు దీని మీద పనిచేయవు. అందుకే "మందులు వాడుతూనే ఉన్నాం, జ్వరం దిగట్లేదు" అనే మాట వినిపిస్తుంది.

ఐదు రోజులు దాటిన జ్వరంలో కవాసాకి అనే జబ్బును కూడా గుర్తుపెట్టుకోవాలి. పుసి లేకుండా రెండు కళ్ళూ ఎర్రబడటం, పెదవులు ఎర్రగా పగలడం, నాలుక ఎర్రగా గరుకుగా మారడం, చేతులు కాళ్ళు వాయడం దాని గుర్తులు. ఎడమ భుజం మీద బీసీజీ టీకా మచ్చ కొత్తగా ఎర్రబడి గట్టిపడినా చెప్పండి. ఇది గుండె రక్తనాళాలను దెబ్బతీసే జబ్బు, జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కిస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

అరచేతులు, అరికాళ్ళు, పిర్రల మీద నీటి పొక్కులు, నోట్లో పుళ్ళు ఉంటే చాలావరకు అది చేయి-కాలు-నోటి వైరస్ జబ్బు. నోటి నొప్పికి బిడ్డ నీళ్ళు మానేయకుండా చూసుకుంటే వారంలో తగ్గుతుంది. దురదతో, కొన్ని కొత్తవి కొన్ని మాడినవి కలిసి కనిపించే నీటి పొక్కులు ఆటలమ్మ. చర్మం మంటగా ఉండి పొరలుగా ఊడుతుంటే, దాంతోపాటు నోరు, కళ్ళు పుండ్లు పడితే అది వేరే కథ. వాడుతున్న మందు ఆపి అత్యవసరంగా వెళ్ళాలి.

ఇంట్లో ఉంచుకున్న రెండు రోజులు

పారాసిటమాల్ కిలోకు 15 మిల్లీగ్రాములకు మించకుండా, ఆరు గంటలకోసారి, రోజుకు నాలుగుసార్లు మించకుండా. 9 కిలోల బిడ్డకు అది సుమారు 125 మిల్లీగ్రాములు. ఇక్కడే తప్పు జరుగుతుంది, ఎందుకంటే సీసాలన్నీ ఒకటి కావు. 5 మి.లీ.లో 125 ఉండే సిరప్ అయితే 5 మి.లీ. పోయాలి. 5 మి.లీ.లో 250 ఉంటే రెండున్నర చాలు. ఒక మి.లీ.లోనే 100 ఉండే డ్రాప్స్ అయితే ఒకటింపావు. డ్రాప్స్ సీసాలోంచి పొరపాటున 5 మి.లీ. పోస్తే నాలుగు రెట్లు మందు పోయినట్టు. అందుకని సీసా మీది అంకె చదివాకే మందు కొలవండి.

డెంగీ లేదని తేలేదాకా మెఫెనమిక్ యాసిడ్, ఐబుప్రొఫెన్ కలిసిన సిరప్‌లు వద్దు. మందుల షాపులో "గట్టి జ్వరం మందు" అడిగితే ఇవే చేతికొస్తాయి. పిల్లలకు ఆస్పిరిన్ అసలే వద్దు. బొప్పాయి ఆకు రసం తాగించి వాంతులు తెప్పించే కన్నా, 9 కిలోల బిడ్డకు పాలు, గంజి, ఓఆర్ఎస్, కొబ్బరినీళ్ళు అన్నీ కలిపి రోజుకు 900 మి.లీ. దాకా చెంచా చెంచాగా వెళ్ళేలా చూడటం మేలు.

వేపాకు మంచం మీద పెట్టుకోండి, గంగమ్మకు మొక్కుకోండి, అందులో అభ్యంతరం లేదు. వేపాకు, పసుపు నూరి పొక్కుల మీద పూయొద్దు. గోరువెచ్చటి నీళ్ళ స్నానం మానొద్దు, ఉప్పూ పప్పూ ఆపి పథ్యం పెట్టొద్దు, జ్వరం మందు ఆపొద్దు. అవ్వతో వాదన పెట్టుకోకుండా, "అమ్మోరు చల్లగా చూస్తుంది అవ్వా, బిడ్డకు నీళ్ళు మాత్రం మనమే తాపాలి కదా" అంటే చాలా ఇళ్ళలో సరేనంటారు.

జ్వరం దిగిన తర్వాత రెండు రోజుల పాటు, రాత్రితో సహా, నాలుగు గంటలకోసారి మూడు విషయాలు కాగితం మీద రాయండి: బిడ్డ హుషారు, పాదాల వేడి, ఒంటికి పోసిన సమయం. కొత్త చుక్కలు వస్తే గ్లాసు పరీక్ష మళ్ళీ చేయండి. పగటి వెలుతురులో దద్దురు ఫొటో రోజుకొకటి తీసి ఉంచండి, ఆసుపత్రికి చేరేసరికి అది మాయమవ్వొచ్చు.

ఆ కాగితంతో పాటు టీకా కార్డు, వాడిన ప్రతి మందు సీసా తీసుకెళ్ళండి. జ్వరం మూడో రోజు యాంటీబయాటిక్ మొదలుపెట్టి, ఐదో రోజు రోజియోలా దద్దురు వస్తే, "ఈ మందు పడలేదు" అని రాసేయడం తరచూ జరుగుతుంది. మందు ఏ రోజు మొదలుపెట్టారు, అప్పటికి జ్వరం ఎన్నో రోజు అన్నది మీ కాగితంలో ఉంటే, అమాక్సిసిలిన్ లాంటి పనికొచ్చే మందు ఆ బిడ్డకు జీవితాంతం దూరం కాకుండా డాక్టరు సరిగ్గా తేల్చగలుగుతారు.